ఇంటికొచ్చే దారి చూసుకున్నాకే టికెట్

ఉప్పల్ స్టేడియంలో ఐపీఎల్ రాత్రి మ్యాచ్ ఏడున్నరకి మొదలవుతుంది. వాన, గాయాలు, సూపర్ ఓవర్ లాంటివేవీ అడ్డురాకపోతే పదకొండు, పదకొండున్నర మధ్య ముగుస్తుంది. స్టేడియం నిండితే సుమారు 39 వేల మంది. మధ్యాహ్నం నుంచి నాలుగు గంటలపాటు విడివిడిగా లోపలికొచ్చిన ఆ జనమంతా ఒక్క అరగంటలో బయటపడాలని చూస్తారు. మొదటిసారి వెళ్లేవాళ్లు ఏ ఆటగాడు ఆడతాడు, ఏ స్టాండ్ బాగుంటుంది అని వారం రోజులు మాట్లాడుకుంటారు కానీ, ఈ అరగంట గురించి ఎవరూ అనుకోరు. నన్నడిగితే అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఆ రాత్రి ఎక్కడ పడుకుంటాం, అక్కడికి ఎలా చేరతాం అన్నది తేలితే ఏ గేటు దగ్గరి టికెట్ కొనాలో, ఎన్నింటికి బయల్దేరాలో, చేతిలో ఏం పట్టుకెళ్లాలో దాని వెంటే తేలిపోతాయి.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. జనగామలో ఉండే భార్యాభర్తలు, తొమ్మిదేళ్ల పాప, అరవై ఎనిమిదేళ్ల మామగారు. ఆయనకి మోకాళ్ల నొప్పులు, షుగర్. నలుగురిలో ఎవరూ స్టేడియం గడప తొక్కలేదు. జనగామ నుంచి వరంగల్ హైవే నేరుగా ఉప్పల్‌కే వస్తుంది కాబట్టి కారులో వెళ్లి, మ్యాచ్ చూసి, అదే కారులో వెనక్కి వచ్చేయవచ్చని మొదట అనిపిస్తుంది. వెళ్లేటప్పుడు నిజంగానే సులువు. కానీ మ్యాచ్ రోజుల్లో స్టేడియం పక్కన కారు పెట్టుకునే చోటు పాసులున్నవాళ్లకే సరిపోతుంది. మిగతావాళ్లు దూరంగా ఎక్కడో పెట్టుకుని నడవాలి. అర్ధరాత్రి దాటాక ఆ నడక, ఆ ట్రాఫిక్, ఆ పైన హైవే ప్రయాణం, మరుసటి రోజు పాప బడి. అందుకని వీళ్లు తార్నాకలో ఉన్న చుట్టాలింట్లో ఆ రాత్రికి ఉండిపోదామనుకున్నారు. కారు అక్కడే వదిలేస్తారు. తార్నాక నుంచి మెట్రో ఎక్కితే హబ్సిగూడ, ఎన్జీఆర్ఐ దాటగానే వచ్చే స్టేషన్ పేరే స్టేడియం.

ఈ ఒక్క నిర్ణయంతో చాలా చిక్కులు విడిపోతాయి. మ్యాచ్ రాత్రుల్లో హైదరాబాద్ మెట్రో ఆఖరి రైళ్ల వేళను పొడిగించడం మామూలే. అయితే ఎంతవరకు పొడిగించారో ఆ మ్యాచ్‌కి ఇచ్చిన ప్రకటనలోనే చూసుకోవాలి. అలాంటి అదనపు రైళ్లు ఎక్కడానికి సాధారణంగా స్టేడియం చుట్టుపక్కల స్టేషన్లలోనే అనుమతిస్తారు, దిగడానికి మాత్రం ఎక్కడైనా దిగవచ్చు. నలుగురికీ నాలుగు స్మార్ట్ కార్డులు తీసుకుని ముందే డబ్బు వేయించుకుంటే, అర్ధరాత్రి టికెట్ కౌంటర్ దగ్గర నిలబడే పని తప్పుతుంది. ఒకే కార్డుతో నలుగురూ వెళ్లడం కుదరదు.

ఇప్పుడు టికెట్ సంగతి. ఐపీఎల్ టికెట్లు అమ్మే సంస్థ ఏటా మారవచ్చు. కాబట్టి పోయినేడు ఎక్కడ కొన్నారో చెప్పే స్నేహితుడి కన్నా, సన్‌రైజర్స్ జట్టు అధికారిక ప్రకటనే నమ్మదగింది. కనిపించే ధర వేరు, కట్టే ధర వేరు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఐపీఎల్ టికెట్ మీద జీఎస్టీ 40 శాతం. అసలు ధర 1000 రూపాయలైతే పన్నుతో 1400, దాని మీద బుకింగ్ రుసుము. కొన్నాక ఫోన్లో వచ్చింది నేరుగా గేటు దగ్గర చూపించే టికెట్టా, లేక కౌంటర్‌కి వెళ్లి గుర్తింపు కార్డు చూపి కాగితం టికెట్ తెచ్చుకోవడానికి ఇచ్చిన రసీదా అన్నది చదివి చూసుకోవాలి. రెండోదైతే ఆ కౌంటర్ స్టేడియంలో ఉండకపోవచ్చు, మ్యాచ్ రోజు తెరిచి ఉండకపోవచ్చు. జనగామ వాళ్లకి అది ఇంకో ప్రయాణం. తార్నాక చుట్టాల్ని తెచ్చిపెట్టమనాలంటే, వేరేవాళ్ల తరఫున టికెట్ ఇస్తారో లేదో, ఏ కాగితాలు చూపాలో ముందే కనుక్కోవాలి.

టికెట్ల కోసం తోసుకోవడం ఎంత ప్రమాదమో హైదరాబాద్‌కి తెలుసు. 2022 సెప్టెంబరులో భారత్–ఆస్ట్రేలియా టీ20 టికెట్లు సికింద్రాబాద్ జింఖానా మైదానంలో అమ్ముతున్నప్పుడు తొక్కిసలాట జరిగి పలువురు గాయపడ్డారు. ఆటకి మూడు రోజుల ముందు సంగతి అది, స్టేడియానికి చాలా దూరంలో. మరోవైపు బ్లాకు టికెట్. అది దొంగదో కాదో కాగితం చూసి కనిపెట్టలేం. అసలు టికెట్‌నే ఫొటో తీసి నలుగురికి అమ్మవచ్చు. గేటు దగ్గరి యంత్రం ఒక కోడ్‌ని ఒక్కసారే ఒప్పుకుంటుంది, మొదట వచ్చినవాడు లోపలికి, మిగతా ముగ్గురు బయట. మీ టికెట్ ఫొటోని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టినా ఇదే ప్రమాదం. పెట్టే తీరాలంటే కోడ్ మీద వేలు అడ్డం పెట్టి ఫొటో తీయండి.

సీటు ఎంచుకోవడంలో ఉన్న కిటుకు సూర్యుడిది. బ్యాటర్ కళ్లలో సాయంత్రపు ఎండ పడకూడదని క్రికెట్ పిచ్‌ని సాధారణంగా ఉత్తర దక్షిణాలుగా వేస్తారు. ఉప్పల్‌లోనూ అంతే. అంటే ఉత్తరం, దక్షిణం వైపు కూర్చుంటే బౌలర్ వెనక నుంచి లేదా బ్యాటర్ వెనక నుంచి చూస్తారు. బంతి ఎటు తిరిగింది, వికెట్లకి సూటిగా వెళ్తోందా లేదా అన్నది అక్కడి నుంచి తెలుస్తుంది. తూర్పు, పడమర స్టాండ్లలో ఆట అడ్డంగా కనిపిస్తుంది. రనౌట్లు, బంతి ఎంత పొట్టిగా పడింది, ఫీల్డర్ ఎంత దూరం పరుగెత్తాడు అన్నవి ఇక్కడ బాగా తెలుస్తాయి. మధ్యాహ్నం మూడున్నరకి మొదలయ్యే మ్యాచ్‌లో మాత్రం తూర్పు స్టాండ్‌లో కూర్చున్నవాళ్లకి సూర్యుడు ఎదురుగా ఉంటాడు. 2025 మార్చి 23న రాజస్థాన్ మీద సన్‌రైజర్స్ 286 పరుగులు కొట్టింది అలాంటి మధ్యాహ్నమే. వేసవి ఆదివారం మ్యాచ్‌కి పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే పడమటి వైపు సీటుకి నాలుగు డబ్బులు ఎక్కువైనా పెట్టడం మంచిది. వీళ్లది రాత్రి మ్యాచ్ కాబట్టి ఈ బెంగ లేదు.

ఎత్తు మాటేమిటి? ముందు వరుస అంటే అందరికీ మోజు. నాకు మాత్రం అది డబ్బు దండగ అనిపిస్తుంది. కింది వరుసల్లో కంచె, ప్రకటన పలకలు, అటూ ఇటూ తిరిగే సిబ్బంది అడ్డమొస్తారు. ఆట మొత్తం ఒకే ఎత్తులో కనిపించడంతో అవతలి వైపు బంతి బౌండరీ దాటిందో లేదో పోల్చుకోలేరు. కొంచెం పైకి వెళ్తేనే ఫీల్డింగ్ అమరిక మొత్తం కళ్లకి కడుతుంది. కానీ పైకి అంటే మెట్లు. మామగారి మోకాళ్లని బట్టి వీళ్లకి సరైనది కింది అంతస్తులోనే వెనక వరుసలు, అందులోనూ నడవా పక్క సీటు. నీళ్లకో, మూత్రానికో ఆయన లేచిన ప్రతిసారీ పదిమంది మోకాళ్లు దాటుకుంటూ వెళ్లక్కర్లేదు.

వాన గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో సాయంత్రం ఈదురుగాలి వాన సాధారణం కాబట్టి. 2024 మే 16న గుజరాత్‌తో జరగాల్సిన మ్యాచ్ ఇక్కడ ఒక్క బంతి కూడా పడకుండా రద్దయింది. 2025 మే 5న ఢిల్లీ 20 ఓవర్లూ ఆడాక వాన వచ్చి ఆట ఆగిపోయింది. జట్లకి రెండూ ఒకటే, చెరో పాయింట్. టికెట్ కొన్నవాళ్లకి మాత్రం ఒకటి కాదు. ఒక్క బంతి కూడా పడకపోతేనే డబ్బు వాపసు అన్నది టికెట్ నిబంధనల్లో మామూలుగా ఉండే షరతు. గొడుగు లోపలికి రానివ్వరు, పైకప్పు ప్రతి సీటు మీదా ఉంటుందని లెక్కవేసుకోకూడదు. పాపకి పల్చటి రెయిన్‌కోటు మడిచి జేబులో పెట్టుకోవడం ఒక్కటే దారి.

ఎన్నింటికి చేరుకోవాలి? దీనికి చిన్న లెక్క ఉంది. గేటు దగ్గర ఒక్కొక్కరిని తడిమి చూసి, టికెట్ కోడ్ చదివించి పంపడానికి ఆరు సెకన్లు పడుతుందనుకుందాం. అంటే ఒక వరుసలో గంటకి 600 మంది. ఒక గేటుకి 3000 మంది, అక్కడ రెండు వరుసలు ఉంటే వాళ్లందరూ లోపలికి వెళ్లడానికి రెండున్నర గంటలు. ఏడు గంటల టాస్‌కి ముందు సగం మంది ఒకేసారి వచ్చి పడితే లైను కదలదు. వెనకవాళ్లకి ముందు ఏం జరుగుతోందో కనబడదు, లోపలి నుంచి కేకలు వినగానే నెట్టడం మొదలుపెడతారు. గేట్లు సాధారణంగా మ్యాచ్‌కి మూడు గంటల ముందు తెరుస్తారు. వీళ్లు ఐదు, ఐదున్నర మధ్య గేటు దగ్గర ఉంటే చాలు. ముందే వెళ్తే ఆటగాళ్ల ప్రాక్టీసు కూడా చూడొచ్చు. పిల్లలకి చాలాసార్లు మ్యాచ్ కన్నా అదే గుర్తుండిపోతుంది, ఎందుకంటే ఆటగాళ్లు తాడు దగ్గరికి వస్తారు.

టికెట్ మీద గేటు నంబరు, స్టాండ్, వరుస, సీటు ఉంటాయి. మెట్రో దిగి జనం ఎటు వెళ్తే అటు పోకుండా, ఆ గేటు ఏ వైపుందో ముందు కనుక్కోవాలి. తప్పు గేటు దగ్గర అరగంట నిలబడితే అవతలి గేటులో మళ్లీ మొదటి నుంచి నిలబడాల్సిందే.

తనిఖీలో ఎక్కువగా పట్టుబడేవి సంచి, నీళ్ల సీసా, పవర్ బ్యాంక్, ఇయర్‌ఫోన్లు, హెల్మెట్, లైటర్, అత్తరు, బయటి తిండి. ప్రతి మ్యాచ్‌కీ పోలీసులు జాబితా ప్రకటిస్తారు. అందులో మీరు ఊహించనివి కూడా కనబడతాయి, ఒక్కోసారి పెన్ను కూడా. బయట దాచిపెట్టే చోటు ఉంటుందని నమ్ముకోవద్దు. గేటు పక్కన పోగుపడిన హెల్మెట్లలో మీది మళ్లీ దొరకడం అదృష్టం. ఒంటి మీద ఉండాల్సింది ఫోను, గుర్తింపు కార్డు, కొంచెం నగదు. వేల ఫోన్లు ఒకే టవర్ మీద పడితే ఫోన్‌పే, గూగుల్ పే ఎంతసేపైనా తిరుగుతూనే ఉంటాయి. మామగారి షుగర్ మాత్రలు అట్టతో సహా, డాక్టర్ చీటీతో సహా ఉంటే గేటు దగ్గర వివరించడం తేలిక. లోపల నీళ్లు, తిండి దొరుకుతాయి కానీ ధర బయటి ధర కాదు. కాబట్టి ఆయనకి ఐదు గంటలకే తార్నాకలో ఏదైనా పెట్టి తీసుకెళ్లాలి.

లోపలికి వెళ్లగానే సీటు చూసుకున్నాక, కూర్చునే ముందు ఒక పని ఉంది. దగ్గరి మెట్లు, వాటికి అవతల ఇంకో మెట్లు, మరుగుదొడ్డి, తాగునీరు ఎక్కడున్నాయో నలుగురూ ఒకసారి నడిచి చూడాలి. తప్పిపోతే ఎక్కడ కలవాలో అప్పుడే అనుకోవాలి. అది గేటు ముందు కాకూడదు, ఎందుకంటే మ్యాచ్ అయ్యాక అక్కడ నిలబడనివ్వరు. ఉదాహరణకి, మన స్టాండ్ కింద ఫలానా స్టాల్ దగ్గర అని అనుకోవచ్చు. పాప జేబులో తల్లి నంబరు రాసిన కాగితం ఉండాలి, చేతి మీద కూడా రాస్తే మరీ మంచిది. ఎవరైనా కనిపించకపోతే ఫోన్ కలవదు కానీ ఎస్ఎంఎస్ తరచూ వెళ్తుంది. 112 అత్యవసర నంబరు అందరికీ తెలిసి ఉండాలి.

స్టేడియంలో ఆట చూడటం టీవీలో చూడటం లాంటిది కాదని మామగారికి ముందే చెప్పాలి. వ్యాఖ్యానం ఉండదు. ప్రతి బంతికీ రీప్లే రాదు, వచ్చినా దూరంగా ఉన్న తెర మీదే. ఫోన్లో లైవ్ పెట్టుకుంటే అది అసలు ఆట కన్నా కొన్ని సెకన్లు వెనకబడి ఉంటుంది. అక్కడ వికెట్ పడ్డట్టు కేక వినిపించాక ఫోన్లో బౌలర్ పరుగెత్తుతుంటాడు. బంతి ఎక్కడుందో వెతకడం కన్నా ఫీల్డర్లు ఎటు తిరిగారో చూడటం అలవాటు చేసుకుంటే పది నిమిషాల్లో ఆట పట్టుబడుతుంది.

ఇక ప్రవర్తన అంటే మైకుల్లో చెప్పే నీతులు కావు, పక్కవాళ్లని ఆట చూడనివ్వడం. లేవడం, నడవడం ఓవర్ అయ్యాకే. బౌలర్ వెనక, తెల్ల తెర దగ్గర సీట్లున్నవాళ్లు కదిలితే బ్యాటర్ చెయ్యెత్తి ఆట ఆపేస్తాడు. అప్పుడు 39 వేల మంది మిమ్మల్నే చూస్తారు. సిక్సర్ వచ్చినప్పుడు బంతి మీదే కన్ను ఉండాలి. 2024 మార్చి 27న ఇక్కడే హైదరాబాద్, ముంబయి జట్లు కలిసి 38 సిక్సర్లు కొట్టాయి. అలాంటి రాత్రి ఫోన్లో తలదూర్చి కూర్చోవడం ప్రమాదం. పిల్లలున్నవాళ్లు వట్టి చేతులతో పట్టుకోవాలని ఎగబడకుండా పిల్లని వంచి కాపాడుకోవాలి. దొరికిన బంతి వెనక్కి ఇవ్వాలి. అవతలి జట్టు చొక్కా వేసుకున్న కుటుంబం మీ వరుసలో ఉంటే ఆట పట్టించవచ్చు, కానీ వాళ్ల ఊరినో, రంగునో అన్నారంటే అది ఆట కాదు. సీసా, కాగితం, ఏదైనా సరే మైదానంలోకి విసిరితే బయటికి పంపేస్తారు. కంచె దూకి ఆటగాడి కాళ్లు మొక్కిన కుర్రాడి వీడియో అందరూ చూస్తారు, ఆ రాత్రి పోలీస్ స్టేషన్లో అతని తండ్రి నిలబడ్డ వీడియో ఎవరూ తీయరు.

ఇప్పుడు బయటికి రావడం. ఆఖరి ఓవర్‌కి ముందే లేచిపోతే రద్దీ తప్పుతుందని అనుభవజ్ఞులు చెబుతారు. నిజమే, కానీ ఉప్పల్‌లో జరిగిన 2017, 2019 ఐపీఎల్ ఫైనళ్లు రెండూ ఒక్క పరుగు తేడాతో తేలాయి. ముందే లేచినవాళ్లు ఏం పోగొట్టుకున్నారో చెప్పనక్కర్లేదు. తిరగేసి కూడా జరుగుతుంది. 2024 మే 8న లక్నో ఇచ్చిన 166 పరుగుల లక్ష్యాన్ని సన్‌రైజర్స్ 9.4 ఓవర్లలోనే, వికెట్ పడకుండా కొట్టేసింది. పదకొండున్నరకి రమ్మని కారు మాట్లాడుకున్నవాళ్లు రోడ్డు మీద నిలబడ్డారనుకోవచ్చు. అందుకే నేను చెప్పేది ముందు లేవమని కాదు, ఆలస్యంగా లేవమని. ఆట అయ్యాక ఇరవై నిమిషాలు, అరగంట సీట్లోనే కూర్చుంటే మెట్లు ఖాళీ అవుతాయి. మెట్రో వేళ తెలిసి ఉంది కాబట్టి ఆ అరగంట కూర్చోవడానికి భయం లేదు. ఇందాక కార్డులు ముందే తీసుకోమన్నది దీనికే.

మెట్ల మీద, గేటు దగ్గర ఆగకూడదు. సెల్ఫీకి, చెప్పు జారితే తీసుకోవడానికి, వెనకబడ్డవాళ్ల కోసం ఎదురుచూడటానికి ఆగారంటే వెనకున్న వరుస మొత్తం మీ మీద పడుతుంది. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది చనిపోయారు. ఆ రోజు అక్కడ మ్యాచ్ కూడా లేదు. గెలిచిన జట్టుని చూడాలని స్టేడియం పట్టేదాని కన్నా ఎన్నో రెట్ల జనం గేట్ల దగ్గరికి చేరారు. ఇలాంటి చోట్ల చావు ఎక్కువగా కాళ్ల కింద పడి రాదు. నిలబడే ఉండగా, అన్ని వైపుల నుంచి ఒత్తిడికి ఛాతీ కదలక, ఊపిరి ఆడక వస్తుంది. చదరపు మీటరుకి నలుగురైదుగురు దాకా మనం అనుకున్నట్టు నడవగలం. ఆరేడుగురు దాటితే జనం ఒక అలలా కదులుతారు, అందులో ఎవరి బలమూ పనికిరాదు.

దాన్ని ముందే పసిగట్టడానికి కొలబద్ద అక్కర్లేదు. రెండు పక్కలా భుజాలు తగులుతున్నాయా? చెయ్యెత్తి ముక్కు గోక్కోవడం కష్టమవుతోందా? మీరు అడుగు వేయకుండానే జరిగిపోతున్నారా? మొదటిది జరుగుతుండగానే పక్కకి తప్పుకోవాలి, మూడోదాకా ఆగకూడదు. ఇరుక్కుపోతే పిడికిళ్లు బిగించి మోచేతులు ముందుకి పెట్టి ఛాతీ ముందు కొంచెం ఖాళీ ఉంచుకోవాలి. నెట్టుడుకి ఎదురు నెట్టకూడదు. అల ఆగిన క్షణంలో ఏటవాలుగా అంచుల వైపు జరగాలి. గోడ, కంచె దగ్గరికి మాత్రం పోకూడదు, అక్కడే ఒత్తిడి ఎక్కువ. పిల్లల్ని భుజాల మీదికి ఎత్తుకోవాలి. పడిపోతే వెంటనే లేవాలి, లేవలేకపోతే పక్కకి ముడుచుకుని తల కాపాడుకోవాలి. కిందపడ్డ ఫోను గురించి మర్చిపోవాలి.

జనగామ కుటుంబానికి ఇదంతా అక్కర్లేకుండానే పోవచ్చు. పదకొండుంబావుకి ఆట అయింది, పన్నెండుకి పావు తక్కువ దాకా కూర్చున్నారు, తల్లి పాప చెయ్యి పట్టుకుంది, భర్త మామగారి వెనక ఒక మెట్టు పైన నడిచాడు. అలా అయితే వెనక నుంచి వచ్చే తోపు ముందు అతనికి తగులుతుంది, ఆయనకి కాదు. గేటు దాటాక స్టేడియం స్టేషన్ మెట్ల దగ్గర లైను పొడుగ్గా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. మెట్రో సిబ్బంది ప్లాట్‌ఫాం నిండిపోకుండా కొంచెం కొంచెంగానే పైకి పంపుతారు. అలా ఆపుతున్నారంటే పద్ధతిగా నడుస్తున్నట్టే. ఆ లైను మరీ భరించలేనంత ఉంటే, ఆయన నడవగలిగితే, ఎన్జీఆర్ఐ స్టేషన్ వైపు నడవడం ఒక దారి, తార్నాకకి అది ఒక స్టేషన్ దగ్గర కూడా. ఆయన నడవలేకపోతే లైనులోనే ఉండి, లిఫ్ట్ ఎక్కడుందో అక్కడున్న సిబ్బందిని అడగాలి.